ప్రిన్సిపాల్ గారికి లైబ్రేరియన్ ఉత్తరం: వారానికొక చదివే గంట

ఏడో తరగతి పిల్లవాడు తెలుగు పుస్తకంలో కొత్త పేజీ ఒకటి గడగడా చదివేస్తాడు. ఎక్కడా ఆగడు, ఒత్తులు కూడా తప్పడు. పుస్తకం మూయించి "ఇందులో ఏం జరిగిందిరా?" అని అడిగితే మొదటి వాక్యం అప్పజెప్పి, ఆ తర్వాత నీళ్లు నములుతాడు. గురుకుల పాఠశాలలో లైబ్రేరియన్‌గా పనిచేసేవాళ్లకు ఇలాంటి పిల్లలు కొత్తేమీ కాదు. అక్షరం వచ్చింది, అర్థం ఇంకా రాలేదు. ఈ పిల్లల కోసం టైమ్‌టేబుల్లో వారానికో గంట కావాలంటే ప్రిన్సిపాల్‌కు ఉత్తరం పెట్టుకోవాలి. ఆ ఉత్తరం ఎలా రాస్తే గంట దొరుకుతుంది, దొరికిన గంటలో నిజంగా ఏం చేయాలి అన్నదే ఇక్కడి విషయం.

ఇలాంటి ఉత్తరాలు చాలావరకు పుస్తకాల గొప్పతనంతో మొదలవుతాయి. ప్రిన్సిపాల్‌కు అది తెలియక కాదు. ఆయన బల్ల మీద పదో తరగతి ఫలితాలు, మెస్ బిల్లులు, ఖాళీగా ఉన్న టీచరు పోస్టులు ఉంటాయి. ఆయన్ని ఆపి చదివించేది ఆ బడి పిల్లల గురించి, ఆ బడిలోనే కనిపించిన సంగతి. అందుకని ఉత్తరం రాయడానికి ముందు లైబ్రేరియన్ ఒక చిన్న పని చేయాలి. ఒక సెక్షన్ హాజరు పట్టీలో ప్రతి నాలుగో పేరూ తీసుకోవాలి. నలభై మందిలో పది మంది వస్తారు. తనకు నచ్చిన పిల్లల్నో, రోజూ లైబ్రరీకి వచ్చే పిల్లల్నో ఏరుకోకూడదు. ఒక్కొక్కరినీ విడిగా పిలిచి, వాళ్లు ఎప్పుడూ చూడని ఒక పేజీ పైకి చదివించి, నాలుగు ప్రశ్నలు అడిగి, జవాబులు ఉన్నవున్నట్టు రాసుకోవాలి. అప్పుడు ఉత్తరం ఇలా మొదలుపెట్టవచ్చు. అంకెలు నమూనా కోసం మాత్రమే.

"గౌరవనీయులైన ప్రిన్సిపాల్ గారికి నమస్కారం. మన ఏడో తరగతి 'ఎ' సెక్షన్లో పది మంది చేత ఒక కొత్త కథలోని పేజీ చదివించాను. తొమ్మిది మంది తడబడకుండా చదివారు. ఎవరు, ఎక్కడ అన్న ప్రశ్నలకు ఎనిమిది మంది జవాబు చెప్పారు. ఎందుకు అన్న ప్రశ్నకు చెప్పగలిగింది ముగ్గురే. ఈ మూడో సంఖ్య పెరగడానికి వారానికి ఒక గంట ఇవ్వవలసిందిగా కోరుతున్నాను."

ఇంతే చాలు. సమస్య ఏమిటో, ఎంత ఉందో, ఏది మారాలో నాలుగు మాటల్లో తెలిసిపోయింది.

తర్వాత ప్రిన్సిపాల్‌కు సహజంగా వచ్చే సందేహం ఒకటుంది. తెలుగు, ఇంగ్లిష్ పీరియడ్లలో పాఠం చివర ప్రశ్నలు అడుగుతూనే ఉన్నారు కదా, మళ్లీ విడిగా ఎందుకు? ఈ సందేహానికి జవాబు పాతదే. అమెరికాలో డొలోరెస్ డర్కిన్ అనే పరిశోధకురాలు తరగతి గదుల్లో కూర్చుని టీచర్లు ఏం చేస్తున్నారో గమనించి, 1978-79లో ఆ వివరాలు ప్రచురించారు. అర్థం చేసుకోవడం ఎలాగో నేర్పడానికి పోతున్న సమయం దాదాపు శూన్యం. అర్థమైందో లేదో తెలుసుకోవడానికి ప్రశ్నలు అడగడంలో అంతకంటే చాలా ఎక్కువ సమయం పోతోంది. మన తరగతి గదులు తెలిసినవాళ్లకు ఇది పరాయి దేశపు ముచ్చటగా అనిపించదు. పాఠం చివరి ప్రశ్నకు గైడులో జవాబు ఉంటుంది, పిల్లవాడు దాన్ని బట్టీ పడతాడు, మార్కులూ వస్తాయి. వాడికి తెలియనిది జవాబు దాకా వెళ్లే దారి.

ఇంకో వైపు నుంచి కూడా జాగ్రత్త అవసరం. గంటసేపు అందరూ మౌనంగా పుస్తకాలు చదువుకుంటే సరిపోతుందని ఉత్తరంలో రాయకూడదు. అమెరికాలోని నేషనల్ రీడింగ్ ప్యానెల్ 2000లో ఇచ్చిన నివేదికలో, ఏ సూచనా లేకుండా పిల్లల్ని మౌనంగా చదవమనడం ఒక్కదానివల్లే చదువు మెరుగుపడుతుందనడానికి తగిన ఆధారం దొరకలేదని తేల్చింది. పుస్తకం ముందు కూర్చున్న పిల్లలందరూ చదువుతున్నట్టు కాదు. పది నిమిషాలైనా పేజీ తిప్పనివాడు, నిమిషానికో పేజీ తిప్పేవాడు, ఇద్దరూ బొమ్మలు చూస్తున్నారని లైబ్రేరియన్ ఇట్టే పసిగడతారు. అందుకే అడుగుతున్నది చదవడానికీ, చదివిన దాని మీద పని చేయడానికీ కలిపి ఒక గంట.

ఆ గంట ఎలా గడుస్తుందో నిమిషాలతో సహా రాస్తే ప్రిన్సిపాల్‌కు నమ్మకం కలుగుతుంది. మొదటి పది నిమిషాలు లైబ్రేరియన్ కథ ఎత్తుగడను పైకి చదువుతారు. తర్వాత ఇరవై నిమిషాలు పిల్లలు మిగతా భాగం చదువుకుంటారు. ఆపైన పాతిక నిమిషాలు గుంపులుగా పని. చివరి అయిదు నిమిషాల్లో నోట్‌బుక్‌లో రెండు వాక్యాలు రాస్తారు. ఆ పాతిక నిమిషాల్లో జరిగేదే ఈ ప్రతిపాదనకు ప్రాణం కాబట్టి అక్కడ కాసేపు ఆగుదాం.

పిల్లల ముందు ఇలాంటి నాలుగు వాక్యాలున్నాయి అనుకోండి.

"నాన్న వాకిట్లో నిలబడి పడమటి వైపు చూశాడు. 'ఇవాళ బండి కట్టొద్దు' అని అన్నయ్యకు చెప్పాడు. చూరు కింద మడతపెట్టి ఉన్న బరకం తీసి భుజాన వేసుకుని కల్లం వైపు పెద్ద పెద్ద అంగలు వేస్తూ వెళ్లాడు. అమ్మ పొయ్యి మీది అన్నం దించేసి, కొంగు దోపుకుని ఆయన వెనకే పరిగెత్తింది."

నాన్న ఎటు వెళ్లాడు అంటే అందరూ చెబుతారు, జవాబు వాక్యంలోనే ఉంది. అమ్మ ఎందుకు పరిగెత్తింది? ఇక్కడ ఆగిపోతారు. వాన అన్న మాట ఎక్కడా లేదు. మబ్బు పట్టిందని కూడా రాయలేదు. పడమటి వైపు చూడడం, బండి వద్దనడం, బరకం తీసుకోవడం, కల్లం. ఈ నాలుగూ కలిపితేనే వాన రాబోతోందని, ఆరబెట్టిన పంట తడిసిపోతుందని తెలుస్తుంది. చదివి అర్థం చేసుకోవడమంటే చాలావరకు ఈ కలపడమే.

తప్పు జవాబులు కూడా ఎన్నో చెబుతాయి. "అన్నం దించేసింది కాబట్టి పరిగెత్తింది" అన్న పిల్ల ప్రశ్నకు దగ్గరగా ఉన్న వాక్యాన్ని ఎత్తి అప్పజెప్పింది. "నాన్నకు దెబ్బ తగిలింది" అన్నవాడు పేజీని వదిలేసి సొంతంగా కథ అల్లుకున్నాడు. ఇద్దరికీ ఒకటే మందు: "ఏ మాట చూసి అలా అనుకున్నావు?" అని అడగడం. తప్పు చెప్పినవాళ్లనే కాదు, సరిగ్గా చెప్పినవాళ్లనూ ఇదే అడగాలి. పక్కవాడు తన ఆధారాలు ఒక్కొక్కటిగా వేలు పెట్టి చూపిస్తుంటే, మిగతా పిల్లలకు ఆ దారి కనిపిస్తుంది. డర్కిన్ చూసిన తరగతుల్లో లోపించింది సరిగ్గా ఇదే.

ఇక హైదరాబాద్ బస్తీ నుంచి వచ్చిన పిల్లవాడికి కల్లం అంటే ఏమిటో తెలియకపోవచ్చు. వాడికి జవాబు రాకపోతే చదవడం రాలేదనుకోవడం అన్యాయం. 1988లో రెక్ట్, లెస్లీ అనే ఇద్దరు పరిశోధకులు పిల్లలకు బేస్‌బాల్ ఆట వివరించే కథ ఇచ్చి చూశారు. చదువులో వెనకబడినా ఆట బాగా తెలిసిన పిల్లలు, బాగా చదివినా ఆట తెలియని పిల్లలకంటే ఎక్కువ అర్థం చేసుకున్నారు. అందువల్ల మొదటి పది నిమిషాల్లోనే లైబ్రేరియన్ కల్లం గురించి రెండు మాటలు చెప్పాలి, వీలైతే మిర్చి ఆరబోసిన కల్లం ఫొటో చూపాలి. కథలో ఏం జరగబోతుందో మాత్రం చెప్పకూడదు.

గుంపు పని కోసం నమ్మదగిన పద్ధతి ఒకటుంది. పాలిన్‌క్సార్, బ్రౌన్ 1984లో ప్రచురించిన ప్రయోగం మన పిల్లవాడి లాంటివాళ్ల మీదే జరిగింది. ఏడో తరగతి పిల్లలు, చదవగలరు, అర్థం మాత్రం అంతంత. వాళ్లకు నాలుగు పనులు నేర్పారు: తర్వాత ఏం వస్తుందో ఊహించడం, మంచి ప్రశ్న వేయడం, అర్థంకాని చోట ఆగి తేల్చుకోవడం, చదివినదాన్ని క్లుప్తంగా చెప్పడం. టీచరు చేసి చూపిస్తూ, మెల్లగా ఆ బాధ్యత పిల్లలకే అప్పగించారు. మన బడిలో నలభై మందిని నలుగురేసి చొప్పున పది గుంపులు చేస్తే, ఒక్కొక్కరికీ ఒక పని వస్తుంది. వారం వారం పనులు మారతాయి. మొదటి మూడు నాలుగు వారాలు లైబ్రేరియనే ఒక గుంపుతో కూర్చుని అందరి ముందూ చేసి చూపాలి. ఈ దశ దాటేస్తే ప్రశ్న వేయాల్సిన పిల్ల "నాన్న ఎవరు?" లాంటి ప్రశ్నలతో సరిపెడుతుంది. క్లుప్తంగా చెప్పాల్సినవాడు కథంతా మొదటినుంచీ చెబుతాడు. గుంపులో చురుకైన పిల్ల నలుగురి పనీ తనే చేసేస్తుంది.

ఈ గంట ఎవరికి పనికిరాదో కూడా ఉత్తరంలో ఉండాలి. అక్షరాలు కూడబలుక్కుని చదివే పిల్లలకు వాక్యం చివరికి వచ్చేసరికి మొదలు మరుపుకొస్తుంది. వాళ్లను ఈ గుంపుల్లో కూర్చోబెట్టి ఊహించమంటే నొచ్చుకోవడం తప్ప ఏమీ జరగదు. ముందు వాళ్లకు అక్షరాల మీద పట్టు రావాలి, దానికి తెలుగు టీచరుతో కలిసి వేరే ఏర్పాటు చేయాలి. ఈ మాట దాచిపెడితే, ఆర్నెల్ల తర్వాత "ఫలానా పిల్లలు ఎందుకు మారలేదు?" అన్న ప్రశ్నకు లైబ్రేరియన్ దగ్గర జవాబుండదు.

ప్రిన్సిపాల్ తప్పక అడిగేది సమయం, డబ్బు. గురుకులాల్లో ఒక వెసులుబాటు ఉంది: సాయంత్రం స్టడీ అవర్. అందులోంచి వారానికో గంట తీసుకుంటే ఏ సబ్జెక్టు టీచరు పీరియడూ పోదు. పిల్లలు ఆటల తర్వాత అలసి ఉంటారన్నది నిజమే, కాబట్టి రాత్రి భోజనానికి ముందు గంట అడగడం మేలు. ఇంటికి వెళ్లే పిల్లలున్న బడిలో ఈ వెసులుబాటు లేదు. అక్కడ ఇప్పటికే కాగితం మీద ఉండి, గణితానికో సైన్సుకో అప్పుగా పోతున్న లైబ్రరీ పీరియడ్‌నే తిరిగి ఇమ్మనాలి. డబ్బు సంగతికొస్తే, ఒకే కథ అందరి చేతుల్లో ఉండాలి కాబట్టి లావు పుస్తకాలతో పని లేదు. ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్‌లో తెలుగు కథలు ఉచితంగా దొరుకుతాయి, అచ్చు వేసుకోవచ్చు. మంచి పుస్తకం, నేషనల్ బుక్ ట్రస్ట్ ప్రచురించిన సన్నని పుస్తకాలు ఇద్దరికొకటి చొప్పున తెప్పిస్తే ఇరవై ప్రతులు సరిపోతాయి.

కేంద్ర ప్రభుత్వం 2022 జనవరి 1న వంద రోజుల 'పఢే భారత్' కార్యక్రమం మొదలుపెట్టింది. ఇలాంటివాటి మేలు కాదనలేం. కానీ వంద రోజులు పూర్తయ్యాక బడిలో మిగిలేది టైమ్‌టేబుల్లో ఉన్నదే. అందుకే లైబ్రేరియన్ వేడుకలు అడగకుండా గడి అడగాలి.

అదీ అన్ని తరగతులకూ ఒకేసారి అడగకూడదు. ఒక సెక్షన్, పన్నెండు వారాలు. చివర్లో హాజరు పట్టీలోంచి మొదట తీసిన ఆ పది మందినే మళ్లీ విడిగా పిలిచి, అంతే కష్టమున్న మరో కొత్త పేజీ చదివించాలి. పాత పేజీ ఇస్తే జ్ఞాపకం తేలుతుంది గానీ చదువు తేలదు. మార్కులు వేయకూడదు, ప్రోగ్రెస్ కార్డులో ఎక్కించకూడదు. మార్కులు వచ్చిన మరుక్షణం పిల్లలు ఊహించడం మానేసి సరైన జవాబు కోసం లైబ్రేరియన్ ముఖంలోకి చూడడం మొదలుపెడతారు. పక్క సెక్షన్లోనూ పది మందిని అలాగే రెండుసార్లు చూస్తే, వచ్చిన మార్పు ఈ గంట వల్లా, లేక పిల్లలు మూడు నెలలు పెద్దయినందువల్లా అన్నది కొంత తెలుస్తుంది.

ఇక ఉత్తరం ముగింపు. అది ఒక పేజీ దాటకూడదు, అడిగేది ఆయన అక్కడికక్కడే అవుననో కాదనో చెప్పగలిగేలా ఉండాలి.

"జులై మొదటి వారం నుంచి పన్నెండు వారాలు, ప్రతి గురువారం సాయంత్రం స్టడీ అవర్‌లో ఏడో తరగతి 'ఎ' సెక్షన్‌ను లైబ్రరీకి పంపడానికి అనుమతించగలరు. మొదటి నాలుగు వారాలు తెలుగు టీచరు గారు నాతో ఉండేలా చూడగలరు. కథల జిరాక్సుల కోసం లైబ్రరీ గ్రాంటు వాడుకోవడానికి ఒప్పుకోగలరు. పన్నెండో వారం ముగిసిన తర్వాతి సోమవారం పిల్లల జవాబులు, రెండు సెక్షన్ల అంకెలు మీ ముందు ఉంచుతాను. 'ఎందుకు' అన్న ప్రశ్నకు జవాబు చెప్పగలిగినవారి సంఖ్య పక్క సెక్షన్ కంటే పెరగకపోతే, ఆ గంటను తిరిగి స్టడీకి ఇచ్చేస్తాను."