పని గంటల అంచనాలో వెసులుబాటు ఎంత?

ఫ్రీలాన్స్ డెవలపర్ వేసే గంటల అంచనా తప్పడానికి ముఖ్య కారణం ప్రాజెక్టు మొత్తానికి ఒకే అంకె వేయడం. అలా వేసినప్పుడు పని సాఫీగా సాగితే పట్టే సమయమే మనసుకు తడుతుంది. పనిని ముక్కలుగా విడగొట్టి, ఒక్కో ముక్కకు మూడు అంకెలు రాసుకుంటే ఈ లోపం తగ్గుతుంది: అన్నీ కలిసొస్తే పట్టే గంటలు, మామూలుగా పట్టేవి, చిక్కులొస్తే పట్టేవి. 1950ల చివర్లో అమెరికా నౌకాదళం పొలారిస్ క్షిపణుల కోసం రూపొందించిన పెర్ట్ పద్ధతిలోని లెక్క ఇది. మామూలు అంకెను నాలుగుతో గుణించి, మిగతా రెండూ కలిపి, ఆరుతో భాగిస్తే సగటు వస్తుంది.

ఒక క్లినిక్‌కు అపాయింట్‌మెంట్ వెబ్‌సైట్ తయారు చేయాలనుకుందాం. ఆన్‌లైన్ చెల్లింపుల ముక్కకు మూడు అంకెలు 6, 10, 32 అయితే సగటు 13 గంటలు. ఇదే లెక్కన ఓటీపీ లాగిన్‌కు 7, అపాయింట్‌మెంట్ పేజీకి 15, డాక్టర్ చూసుకునే పేజీకి 13, టెస్టింగ్‌కు 10 వచ్చాయనుకుంటే మొత్తం 58 గంటలు.

దీనికి ఎంత వెసులుబాటు కలపాలన్నది రెండో ప్రశ్న. ప్రతి ముక్కలోనూ పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసేసి ఆరుతో భాగిస్తే ఆ ముక్క ఎంత అటూఇటూ కావచ్చో తెలుస్తుంది. చెల్లింపులకు అది 4.3 గంటలు; మిగతా నాలుగింటికి 1.7, 2.3, 2.3, 2 అనుకుందాం. వీటిని నేరుగా కూడకూడదు, ఎందుకంటే అన్ని ముక్కలూ ఒకేసారి చెడవు. ఒక్కోదాని వర్గం కట్టి, కూడి, వర్గమూలం తీస్తే సుమారు 6 వస్తుంది. దానికి రెట్టింపు, అంటే 12 గంటలు కలిపి 70 గంటలని చెప్పడం క్షేమం. ఈ వెసులుబాటును ముక్కలకు పంచకుండా చివర్లో ఒకేచోట ఉంచితే, ఎక్కడ అవసరమైతే అక్కడ వాడుకోవచ్చు.

ఈ లెక్క మరో సంగతీ చూపుతుంది. అనిశ్చితిలో పెద్ద వాటా చెల్లింపులదే. డెవలపర్ ఆ పేమెంట్ గేట్‌వేను ముందెన్నడూ వాడలేదన్నమాట. ధర చెప్పేముందే రెండు మూడు గంటలు వెచ్చించి, టెస్ట్ మోడ్‌లో ఒక చెల్లింపు, ఒక రీఫండ్ నడిపి చూస్తే 32 అన్న అంకె బాగా దిగుతుంది. తెలియనిదాన్ని తెలుసుకోవడం వెసులుబాటు పెంచడం కంటే చవక.

పద్ధతికి హద్దులున్నాయి. ముక్కలు ఒకదానిపై ఒకటి ఆధారపడనప్పుడే వర్గమూలం లెక్క సరిపోతుంది. క్లయింట్ జవాబులు ఆలస్యమైతే అన్నీ కలిసే జాప్యమవుతాయి. అప్పుడు 12 గంటలు చాలవు. జాబితాలోనే లేని పని, ఉదాహరణకు మధ్యలో అడిగిన వాట్సాప్ రిమైండర్లు, వెసులుబాటులోకి రాదు. దానికి వేరే అంచనా, వేరే ధర ఉంటాయని ఒప్పందంలోనే రాయాలి. ఇక పని పూర్తయ్యాక ప్రతి ముక్కకు నిజంగా పట్టిన గంటలను అంచనా పక్కన రాసి ఉంచితే, తర్వాతి ప్రాజెక్టుకు మూడు అంకెలూ ఊహలోంచి కాక అనుభవంలోంచి వస్తాయి.