మనం లేని గదిలో మన పేరు

జీడిమెట్లలో ఒక బల్క్ డ్రగ్ కంపెనీ ఉందనుకుందాం. దాని సరుకు డ్రమ్ముల్లో మాత్రలు తయారుచేసే మరో కంపెనీకి వెళుతుంది. అలాంటి ఒక కంపెనీకి, ఇప్పుడు కొంటున్న ధరకన్నా ఐదు శాతం తక్కువకిస్తామని మనవాళ్లు కొటేషన్ పంపారు. పర్చేజ్ మేనేజర్ సంతోషించాడు. ఆర్డర్ మాత్రం రాలేదు.

నిర్ణయం ఆయన ఒక్కడి చేతిలో లేదు మరి. ముందు ఆర్ అండ్ డీ వాళ్లు శాంపిల్‌లో మలినాలెంత, కణాల సైజెంత అని చూస్తారు. క్వాలిటీ వాళ్లు ఫ్యాక్టరీకొచ్చి ఆడిట్ చేస్తారు. ఆ సరుకుతో చేసిన మాత్రలను 40 డిగ్రీల వేడిలో, 75 శాతం తేమలో సాధారణంగా ఆరు నెలలు ఉంచి పరీక్షిస్తారు. ఆపైన రెగ్యులేటరీ విభాగం అనుమతులకు కాగితాలు పెట్టాలి. ఏడాది గడిచిపోవడం మామూలే.

ఇందులో ధర తగ్గితే పేరొచ్చేది పర్చేజ్ వాళ్లకు. బ్యాచ్ పాడైతే సంజాయిషీ ఇచ్చుకోవాల్సింది క్వాలిటీ వాళ్లు. వాళ్లకు 'వద్దు' అనడమే క్షేమం. వీళ్లంతా కూర్చుని మాట్లాడుకునేటప్పుడు అమ్మేవాడు అక్కడ ఉండడు. మన తరఫున మాట్లాడే మనిషికి ఆ గదిలో చూపించడానికి ఏమిచ్చాం? ఈ వ్యాపారంలో బ్రాండ్ అంటే నా దృష్టిలో అదే.

ఒక సాల్వెంట్‌ను వేరేచోట కొనాల్సి వచ్చిందనుకోండి. మార్చకముందే కొనుగోలుదారుకు ఉత్తరం రాసి, పాత సాల్వెంట్‌తో చేసిన మూడు బ్యాచ్‌ల ఫలితాలనూ కొత్తదానితో చేసిన మూడింటి ఫలితాలనూ పక్కపక్కన పెట్టి పంపే కంపెనీని క్వాలిటీ వాళ్లు మరిచిపోరు. ఉద్యోగం మారినా ఆ పేరు వెంట తీసుకెళ్తారు.

బేరం ఎక్కడిదాకా వచ్చిందో వచ్చే మెయిళ్లే చెబుతాయి. పర్చేజ్ నుంచి మళ్లీమళ్లీ ధరే అడుగుతుంటే, మన కొటేషన్ చూపించి పాత సరఫరాదారు ధర తగ్గిస్తున్నారేమో అనుమానించాలి. క్వాలిటీ వాళ్లు ఆడిట్‌కు తేదీలడిగితే పని కదిలినట్టే.

ఇంకో చిక్కుంది. ఏ సమయంలో చూసినా కొనుగోలుదారుల్లో సుమారు 95 శాతం మంది అప్పుడు కొనే ఆలోచనలో ఉండరని ఆస్ట్రేలియాలోని ఎహ్రెన్‌బర్గ్-బాస్ సంస్థకు చెందిన జాన్ డాస్ అంటారు. అది ఉజ్జాయింపు లెక్కే, సరుకును బట్టి మారుతుంది. కానీ మూడు నెలల్లో ఆర్డర్లు రాలేదని టెక్నికల్ సెమినార్లు ఆపేసే యజమానులు ఆ మాట వినాలి. ఈ ఏడాది విన్నవాడు రెండేళ్ల తర్వాత రెండో సరఫరాదారు కోసం వెతికేటప్పుడు గుర్తున్న పేర్లతోనే జాబితా రాస్తాడు. అందుకే మన పేరు తెలిసి, తమంతట తామే అడుగుతూ వచ్చినవాళ్లు ఎందరో, ఏ విభాగం వాళ్లో రాసిపెట్టుకోవాలి.

అమెరికా ఎఫ్‌డీఏ వార్నింగ్ లెటర్లను తన వెబ్‌సైట్‌లో పెడుతుంది. అందులో మన పేరుంటే మీటింగ్‌లో క్వాలిటీ మేనేజర్ ముందు తెరిచేది ఆ పేజీనే. అప్పుడు ఎక్స్‌పోలో ఎంత పెద్ద స్టాల్ వేసినా లాభం లేదు. ఏ లోపాన్ని ఎప్పటికి, ఎలా సరిదిద్దామో కాగితాలతో సహా మనమే ముందుగా పంపాలి.