ఎత్తులో ఆగిన కారుకు మూడో కాలు

మా వెలిగండ్ల వైపు పొలం బాట తారురోడ్డును కలిసే చోట చిన్న మిట్ట ఉంటుంది. రోడ్డు కట్ట మీద ఉంటుంది, బాట పల్లంలో ఉంటుంది. ట్రాక్టరు తోలే వాళ్లకు అదొక మిట్టే కాదు. కారు కొత్తగా నేర్చుకునే మనిషికి మాత్రం అక్కడే అసలు పరీక్ష. మొన్న మా మేనకోడలు ఆ మిట్ట మీద ఆగింది. కనిగిరి వైపు నుంచి లారీ వస్తోంది, అది దాటిపోయాక రోడ్డెక్కాలి. లారీ పోయింది. బ్రేకు మీద నుంచి కాలు తీసి ఆక్సిలేటర్ మీదికి మార్చేలోపు కారు వెనక్కి జారింది. కంగారులో క్లచ్ మీద కాలు ఒక్కసారిగా వదిలేసింది. కారు ఎగిరిపడి ఇంజిన్ ఆగిపోయింది.

"బ్రేకు వదిలితే వెనక్కి పోతోంది, క్లచ్ వదిలితే ఆగిపోతోంది. కింద మూడు పెడల్స్ ఉన్నాయి, నాకు కాళ్లు రెండే కదా మామయ్యా!" అంది.

సరైన చోటే పట్టుకుంది. ఎత్తు మీద కదిలేటప్పుడు బ్రేకు, క్లచ్, ఆక్సిలేటర్ మూడూ ఒకేసారి కావాలి. ఆ మూడో కాలు పని చేసేది హ్యాండ్ బ్రేకు. ఈ సంగతి చట్టంలో కూడా ఉంది. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 15వ నియమం లైసెన్సు పరీక్షలో ఏమేం చేసి చూపాలో వరుసగా చెబుతుంది. నిటారు ఎత్తులో బండి ఆపి, వెనక్కి జారకుండా మళ్లీ కదిలించడం అందులో ఒకటి. హ్యాండ్ బ్రేకుతో చేయవచ్చు, లేదా ఆక్సిలేటర్‌నూ కాలి బ్రేకునూ నేర్పుగా మార్చి చేయవచ్చు. దిగుడులో త్వరగా కింది గేర్లకు మారడం ఇంకొకటి. లెర్నర్ లైసెన్సు వచ్చి కనీసం 30 రోజులైతే గాని ఈ పరీక్షకు పోనివ్వరు. ఆ నెల రోజుల్లో ఈ రెంటినీ అర్థం చేసుకుంటే క్లచ్, గేర్లు, హ్యాండ్ బ్రేకు మీద వచ్చే ప్రశ్నల్లో చాలావాటికి జవాబు దానంతటదే తెలుస్తుంది.

ముందు ఇంజిన్ ఎందుకు ఆగిపోయిందో చూద్దాం. కారు నిలబడి ఉన్నా ఇంజిన్ నిలబడదు. ఆక్సిలేటర్ తొక్కకపోయినా చిన్న పెట్రోలు కారులో నిమిషానికి సుమారు 800 చుట్లు తిరుగుతూనే ఉంటుంది. అంతకన్నా బాగా తగ్గితే ఆగిపోతుంది. తిరిగే ఇంజిన్‌నూ నిలబడి ఉన్న చక్రాలనూ కలపాలి. ఆ కలిపేదే క్లచ్. ఇంజిన్ వెంట తిరిగే బరువైన ఇనుప చక్రం ఒకటి, దానికి ఆనుకునే రాపిడి పళ్లెం ఒకటి. ఆ పళ్లేన్ని స్ప్రింగు బలం చక్రానికి అదిమి పట్టి ఉంచుతుంది. పెడల్ తొక్కితే ఆ పట్టు వదులై రెండూ విడిపోతాయి. కాలు తీస్తే కలుస్తాయి.

కత్తులకు సాన పట్టేవాడి చక్రం గుర్తు తెచ్చుకోండి. తిరిగే రాయికి కత్తిని మెల్లగా ఆనిస్తే రాయి తిరుగుతూనే ఉంటుంది. గట్టిగా అదిమితే రాయి బిగుసుకుని ఆగిపోతుంది. క్లచ్ ఒక్కసారిగా వదలడమంటే అలా గట్టిగా అదమడమే. నిలబడి ఉన్న కారు బరువంతా ఒక్కసారిగా వచ్చి పడితే ఇంజిన్ తట్టుకోలేదు.

మెల్లగా వదిలేటప్పుడు మధ్యలో ఒక చోట పళ్లెం చక్రాన్ని అప్పుడే తాకడం మొదలవుతుంది. కొంత జారుతూ కొంత పట్టుకుంటూ ఉంటుంది. దీన్నే డ్రైవర్లు హాఫ్ క్లచ్ అంటారు. కంటికి కనబడదు గానీ చెవికి, ఒంటికి తెలుస్తుంది. ఇంజిన్ శబ్దం కాస్త బరువెక్కుతుంది, కారు సన్నగా అదురుతుంది. ఈ చోటు ఒక్కో కారులో ఒక్కో ఎత్తులో ఉంటుంది. అందుకే కొత్త కారు ఎక్కినప్పుడు చదునైన చోట ఆక్సిలేటర్ ముట్టకుండా క్లచ్ మాత్రమే మెల్లగా వదులుతూ ఆ చోటు వెతుక్కోవాలి.

ఎందుకింత జాగ్రత్త అంటే చిన్న లెక్క చూడండి. ఒక మామూలు చిన్న కారులో మొదటి గేరు వేస్తే ఇంజిన్ దాదాపు 14 చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు తిరుగుతుంది. నిమిషానికి 800 చుట్లంటే చక్రానికి 57 చుట్లు. చుట్టుకు 1.75 మీటర్ల చొప్పున నిమిషానికి 100 మీటర్లు, అంటే గంటకు సుమారు 6 కిలోమీటర్లు. క్లచ్ పూర్తిగా వదిలితే ఇంజిన్ ఆగకుండా కారు నడవగల కనీస వేగం అది. నిలబడిన కారును అక్కడి దాకా చేర్చేది హాఫ్ క్లచ్చే. అయిదో గేరులో చక్రం ఒక చుట్టుకు ఇంజిన్ మూడు చుట్లకు కాస్త ఎక్కువ మాత్రమే తిరుగుతుంది. కాబట్టి అందులో కనీస వేగమే గంటకు 26 కిలోమీటర్ల దాకా ఉంటుంది. అయిదో గేరులో బండి ఎందుకు కదలదో ఇక వేరే చెప్పనక్కరలేదు. పై గేరులో పరుగు ఎక్కువ, బలం తక్కువ. మొదటి గేరులో బలం ఎక్కువ, పరుగు తక్కువ.

"బండి ఆపేటప్పుడు ముందు క్లచ్ తొక్కాలా, బ్రేకు తొక్కాలా?" అనే ప్రశ్నకూ ఈ లెక్కలోనే జవాబుంది. ముందు బ్రేకే. గేరు పట్టు ఉన్నంతసేపు ఇంజిన్ కూడా బండిని నెమ్మది చేస్తుంది. వేగం తగ్గి, ఆ గేరు కనీస వేగం దగ్గరికి వచ్చి, ఇంజిన్ గుంజుకోవడం మొదలుపెట్టే ముందు క్లచ్ తొక్కాలి. హఠాత్తుగా ఆపాల్సి వస్తే మాత్రం రెండూ కలిపి తొక్కినా తప్పులేదు.

ఇక మిట్ట దగ్గరికి వద్దాం. మనుషులతో కలిపి కారు 1000 కిలోలుంది అనుకుందాం. పది మీటర్లు పోతే ఒక మీటరు లేచే ఎత్తు మీద దాన్ని వెనక్కి లాగే బలం సుమారు 100 కిలోల బరువుతో సమానం. ఒక బస్తా సిమెంటు 50 కిలోలు. అంటే రెండు బస్తాలు తాడు కట్టి వెనక్కి లాగుతున్నట్టే. క్లచ్ పట్టుకునేదాకా ఆ రెండు బస్తాలను ఎవరో ఒకరు మోయాలి. కాలి బ్రేకు వదిలాం కాబట్టి హ్యాండ్ బ్రేకు మోస్తుంది. చాలా కార్లలో అది తీగతో వెనక చక్రాలను పట్టే వేరే ఏర్పాటు. కాలి బ్రేకులోని నూనెతో దానికి పని లేదు.

మా మేనకోడలికి చెప్పిన వరుస ఇది. కాలి బ్రేకుతో ఆపు, క్లచ్ పూర్తిగా తొక్కి మొదటి గేరు వెయ్యి, హ్యాండ్ బ్రేకు గట్టిగా పైకి లాగు. ఇప్పుడు కాలి బ్రేకు మెల్లగా వదిలి చూడు, కారు కదలకపోతే హ్యాండ్ బ్రేకు పట్టినట్టు. కుడికాలు ఆక్సిలేటర్ మీదికి తీసుకెళ్లి, ఇంజిన్ శబ్దం ఒక మాదిరిగా పెరిగేలా తొక్కి అక్కడే నిలుపు. ఎడమకాలితో క్లచ్‌ను మెల్లగా లేపు. శబ్దం బరువెక్కి, కారు ముందుకు పోవాలని అదురుతుంటే కాళ్లు రెండూ కదపకు. అద్దాలు, రోడ్డు రెండు వైపులా చూసుకో. ఖాళీగా ఉంటే బొత్తాం నొక్కి హ్యాండ్ బ్రేకు దించు. కారు నిలబడి ఉంటుంది, లేదా మెల్లగా ముందుకు కదులుతుంది. ఇంకొంచెం ఆక్సిలేటర్ ఇస్తూ క్లచ్‌ను నెమ్మదిగా పూర్తిగా వదులు.

తప్పు ఎక్కడ జరిగిందో కారే చెబుతుంది. హ్యాండ్ బ్రేకు దించగానే వెనక్కి జారితే క్లచ్ ఇంకా పట్టుకోలేదన్నమాట. అప్పుడు క్లచ్ టక్కున వదలొద్దు. కాలి బ్రేకూ క్లచ్చూ తొక్కి, హ్యాండ్ బ్రేకు లాగి, మళ్లీ మొదటి నుంచి చెయ్యాలి. ఇంజిన్ ఆగిపోతే క్లచ్ మరీ పైకి వచ్చింది, లేదా ఆక్సిలేటర్ చాలలేదు. ఇంజిన్ అరుస్తున్నా కారు కదలకపోతే హ్యాండ్ బ్రేకు పూర్తిగా దిగలేదేమో చూడాలి. కాలిన వాసన వస్తే రాపిడి పళ్లెం వేడెక్కింది. ఎత్తు మీద వాహనాల వరుసలో నిలబడి, హాఫ్ క్లచ్‌తోనే కారును నిలబెట్టేవాళ్లకు ఈ వాసన బాగా పరిచయం. అర నిమిషం ఆగాల్సి ఉన్నా హ్యాండ్ బ్రేకు లాగి క్లచ్‌కు విశ్రాంతి ఇవ్వడమే మంచిది. కొన్ని కొత్త కార్లు ఎత్తు మీద రెండు మూడు సెకన్లు వాటంతటవే బ్రేకు పట్టి ఉంచుతాయి. ఆ వ్యవధి దాటితే వదిలేస్తాయి గనుక దాని మీదే ఆధారపడి నేర్చుకోకూడదు.

ఎత్తు సంగతి ఇంత అయితే దిగుడు సంగతి వేరు. గిద్దలూరు నుంచి దిగువమెట్ట మీదుగా నల్లమల దాటి నంద్యాల పోయే దారిలోనూ, దోర్నాల నుంచి శ్రీశైలం పోయే దారిలోనూ ఇది అవసరమవుతుంది. దిగుడు మొదలయ్యేలోపే గేరు తగ్గించాలి. మూడులో ఎక్కాల్సినంత ఎత్తును మూడులోనే, రెండులో ఎక్కాల్సినంత ఎత్తును రెండులోనే దిగాలని పాత డ్రైవర్లు చెప్పే లెక్క బాగా పనికొస్తుంది. కింది గేరులో ఆక్సిలేటర్ వదిలితే చక్రాలే ఇంజిన్‌ను తిప్పాలి. ఆ బరువు కారును పట్టి ఉంచుతుంది. అలా కాకుండా బ్రేకు తొక్కుతూనే దిగితే బ్రేకులు వేడెక్కి పట్టు తగ్గిపోతుంది.

దిగుడులో న్యూట్రల్ వేస్తే పెట్రోలు మిగులుతుందని చాలామంది అనుకుంటారు. ఇప్పటి ఇంజెక్షన్ ఇంజిన్లలో గేరులో ఉండి ఆక్సిలేటర్ పూర్తిగా వదిలితే ఇంజిన్‌కు ఇంధనం పోవడమే ఆగిపోతుంది, చక్రాలే దాన్ని తిప్పుతాయి. న్యూట్రల్‌లో మాత్రం ఇంజిన్ తనను తాను తిప్పుకోవడానికి ఇంధనం కాల్చాలి. మిగిలేది ఏమీ లేదు, చేతిలో ఉన్న పట్టు పోతుంది. ఇంజిన్ కూడా ఆపేస్తే ఇంకా ప్రమాదం. బ్రేకు పెడల్ గట్టిపడుతుంది, స్టీరింగ్ బరువెక్కుతుంది.

బండి నిలిపేటప్పుడు హ్యాండ్ బ్రేకుతో పాటు గేరు కూడా వేసి ఉంచాలి. ముందుకు ఎత్తు ఉంటే మొదటి గేరు, ముందుకు దిగుడు ఉంటే రివర్సు. హ్యాండ్ బ్రేకు తీగ సాగి పట్టు తప్పినా, చక్రం ఒక్క చుట్టు తిరగాలంటే ఆగిన ఇంజిన్‌ను 14 చుట్లు తిప్పాలి. అంత సులువుగా తిరగదు. మన ఊళ్లలో చక్రానికి రాయి అడ్డం పెట్టే అలవాటు కూడా మంచిదే. మళ్లీ స్టార్ట్ చేసేటప్పుడు గేరులో ఉందన్న సంగతి మరవకుండా ముందు క్లచ్ తొక్కాలి, లేకపోతే కారు ఒక్క దూకు దూకుతుంది.

ఆ సాయంత్రం మా మేనకోడలు అదే మిట్ట మీద పదిసార్లు ఆగి కదిలింది. మొదటి నాలుగుసార్లు ఇంజిన్ ఆగింది. అయిదోసారి హ్యాండ్ బ్రేకు దించాక కారు వెనక్కి పోలేదు, ముందుకూ పోలేదు, ఒక క్షణం నిలబడింది. "ఇదేనా మామయ్యా?" అంది. అదే. ఆ క్షణంలో ఆ రెండు సిమెంటు బస్తాల బరువు చేతి నుంచి ఎడమకాలికి మారింది.