ఒకే స్క్రిప్టు, నాలుగు తోకలు

"లింకు కింద డిస్క్రిప్షన్‌లో ఇచ్చాను" అని చెప్పే ఇన్‌స్టాగ్రామ్ రీల్స్ మీకు కూడా తగిలే ఉంటాయి. అక్కడ డిస్క్రిప్షన్ అనేదే లేదు. క్యాప్షన్‌లో లింకు అతికించినా నొక్కితే తెరుచుకోదు. యూట్యూబ్ కోసం చెప్పిన మాటను కత్తిరించకుండా ఇక్కడికీ తెచ్చి పెట్టారన్నమాట. చూసేవాళ్లు కాసేపు వెతుక్కుని, "లింకు ఎక్కడండీ?" అని కామెంటు పెడతారు. చాలామంది అదీ పెట్టరు, పైకి తోసేసి వెళ్లిపోతారు.

ఆవకాయ ఎందుకు బూజు పడుతుందో చెప్పే నాలుగు నిమిషాల వీడియోకి స్క్రిప్టు తయారైందనుకుందాం. దాని ఆఖరి వాక్యం: "ముక్కల మీద నూనె తేలి ఉన్నంతకాలం బూజుకి చోటు దొరకదు." అసలు విషయం అక్కడితో అయిపోయింది. ఆ తర్వాత ప్రేక్షకుణ్ని ఏదైనా చేయమని అడిగే రెండు ముక్కలే తోక. ఒంటికి చేయి పెట్టకుండా తోక మాత్రం మార్చగలిగేలా రాయడంలోనే పనితనమంతా ఉంది.

అందుకని ముందు ఒంట్లో సబ్‌స్క్రైబ్, ఛానల్, లింకు, బెల్ అనే మాటలు ఎక్కడైనా దూరాయేమో చూసి తీసేయాలి. "కింద" అన్నది మరీ మోసకారి. ఫోన్‌లో మామూలు యూట్యూబ్ వీడియోకి కామెంట్లు కిందే ఉంటాయి, రీల్‌లో ఆ గుర్తు కుడిపక్కన ఉంటుంది. ఆఖరి వాక్యం తర్వాత ఒక్క క్షణం ఊరుకుని, అదే కూర్చోవడంలో, అదే చీరలో, అదే వెలుగులో నాలుగు తోకలూ వరసగా చెప్పేయాలి. మర్నాడు చూద్దాంలే అనుకుంటే గొంతు మారుతుంది, అతుకు కనబడుతుంది. ఒక్కో తోకకి ఎనిమిది సెకన్లు, అంటే పదిహేను మాటలకు అటూఇటూ చాలు.

యూట్యూబ్‌లో ప్రేక్షకుడు ఇంకొకటి చూడ్డానికి తీరిగ్గానే ఉంటాడు. అక్కడ తోక ఇలా ఉండొచ్చు: "వచ్చేవారం మాగాయ పెడుతున్నాం. అది మీకు కనబడాలంటే సబ్‌స్క్రైబ్ చేసుకోండి." ఊరికే సబ్‌స్క్రైబ్ చేయమంటే ఎందుకు చేస్తారు? పత్రికకు చందా కట్టేవాళ్లు కూడా వచ్చే సంచికలో సీరియల్ తరవాయి కోసమే కట్టేవాళ్లు. వీడియో చివర బటన్లు కనిపించే ఎండ్ స్క్రీన్‌కి యూట్యూబ్ 5 నుంచి 20 సెకన్లు ఇస్తుంది. ఆ సమయంలో మాట సాగుతూ ఉండాలి, తెరమీద బటన్‌కి ఖాళీ ఉండాలి. అదే వీడియోలోంచి షార్ట్ కత్తిరిస్తే ఎండ్ స్క్రీన్ రాదు. 2023 ఆగస్టు నెలాఖరు నుంచి షార్ట్స్ డిస్క్రిప్షన్‌లో, కామెంట్లలో పెట్టే లింకులు కూడా పనిచేయడం లేదు. పూర్తి వీడియోను "రిలేటెడ్ వీడియో"గా జతచేసి, "పూర్తి వీడియో ఇక్కడే ఉంది, నొక్కండి" అనడమే దారి.

ఇన్‌స్టాగ్రామ్‌లో బయటికి పంపడం కంటే దాచుకోమనడం తేలిక. "కొలతలు క్యాప్షన్‌లో రాశాను. కాయలు తెచ్చిన రోజు కావాలిగా, సేవ్ చేసుకోండి." లింకు తప్పనిసరైతే "మా ప్రొఫైల్‌లో ఉంది" అనాలి.

ఫేస్‌బుక్‌లో మనవాళ్లు కబుర్లాడతారు, అందుకని ప్రశ్న బాగా నప్పుతుంది. "మీ ఇంట్లో ఆవకాయకి నువ్వుల నూనా, వేరుశనగ నూనా?" జవాబు చెప్పాలని నాలుక దురద పెట్టే ప్రశ్న కావాలి. "నచ్చితే ఎస్ అని కామెంట్ పెట్టండి", "ఐదుగురిని ట్యాగ్ చేయండి" లాంటివి వద్దు. అలా ఎగదోసే పోస్టులను తక్కువమందికి చూపిస్తామని ఫేస్‌బుక్ 2017 డిసెంబరులోనే ప్రకటించింది.

వాట్సాప్‌లో సబ్‌స్క్రైబ్ అన్నమాట గాలిలో కలిసిపోతుంది. ఫార్వర్డ్ అయ్యి వచ్చిన వీడియో ఎవరిదో కూడా తెలియదు. అందుకని తోకలో మీ పేరు వినబడాలి, పంపాల్సిన మనిషి గుర్తుకు రావాలి. "కిందటేడు జాడీ పారబోసిన పిన్ని ఉంటే, ఆవిడకి పంపండి." లింకు పైన రాసే ఒక్క వాక్యం కూడా ఇదే ధోరణిలో ఉండాలి.

నాలుగింటికీ కలిసిన ఒక జబ్బుంది. "ఇదండీ సంగతి", "చివరగా ఒక్క మాట" అని మొదలుపెడితే వీడియో అయిపోయిందని మనమే చెప్పినట్టు. యూట్యూబ్ స్టూడియోలో ప్రేక్షకులు ఎంతసేపు నిలిచారో చూపే గీత సరిగ్గా ఆ మాట దగ్గర కిందికి జారుతుంటే, దోషం తోక మొదటి మాటదే. నూనె తేలాలన్న వాక్యం నుంచి "మాగాయకైతే నూనె లెక్క వేరు, వచ్చేవారం చూపిస్తా" అని నేరుగా దిగితే ఆ అతుకే వినబడదు.

పెట్టాక ఇంట్లో ఇంకొకరి ఫోన్‌లో తెరిచి, మీరు చెప్పింది చెప్పినట్టు చేయమనండి. ఆవిడ వేలు తెరమీద ఎక్కడ ఆగిపోతుందో చూసి, ఆ తోక మళ్లీ రాయండి.