ఫాంటసీ నవలాత్రయ ప్రణాళిక: సిరీస్ బైబిల్ నిర్మాణ విధానం

వ్యాససంగ్రహం: ఫాంటసీ నవలాత్రయంలో పేర్లు, కాలక్రమం, కల్పితలోక నియమాలు పొందికగా ఉండడానికి రచయిత సిద్ధం చేసుకునే ఆధారపత్రాన్ని సిరీస్ బైబిల్ అంటారు. అందులో ఏయే అంశాలను ఏ విధంగా నమోదు చేయాలో జె.ఆర్.ఆర్. టోల్కీన్ రచనల ఆధారంగా వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ఫాంటసీ, నవలాత్రయం, సిరీస్ బైబిల్, కాలక్రమం, టోల్కీన్.

1. ఉపోద్ఘాతం

ఒకే సంపుటంగా వెలువడే నవలలో చివరి అధ్యాయానికి అవసరమైన మార్పును మొదటి అధ్యాయంలో చేసుకునే వీలుంటుంది. నవలాత్రయంలో ఆ వీలు ఉండదు. మూడవ సంపుటం రాసేనాటికి మొదటిది పాఠకుల చేతిలో ఉంటుంది. కాబట్టి సిరీస్ బైబిల్‌లో ప్రతి అంశానికీ ఎదురుగా అది ముద్రితమా, ఇంకా మార్చదగినదా అన్నది తప్పక నమోదు కావాలి. ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ను టోల్కీన్ ఒకే నవలగా రచించినా, అది 1954-55లో మూడు సంపుటాలుగా వెలువడింది. దానికి ముందు 1937లోనే ‘ది హాబిట్’ అచ్చయింది. అందువల్ల ఈ సమస్య ఆయనకూ ఎదురైంది.

2. నియమాలు

‘ది హాబిట్’ తొలి ముద్రణలో గొల్లమ్ పొడుపుకథల పోటీలో ఓడితే తన ఉంగరాన్ని కానుకగా ఇస్తానంటాడు. అది కనిపించకపోవడంతో క్షమాపణ చెప్పి బిల్బోకు బయటికి దారి చూపుతాడు. తరువాతి నవలలో ఆ ఉంగరం ధరించినవారిని లోబరచుకునే శక్తిగా మారింది. దానిని ఇష్టపూర్వకంగా వదులుకోవడం దాదాపు అసాధ్యమన్నది కథకు మూలనియమమైంది. పాత అధ్యాయం ఈ నియమానికి విరుద్ధం. టోల్కీన్ ఆ అధ్యాయాన్ని తిరగరాయగా, సవరించిన పాఠం 1951 ముద్రణలో వచ్చింది. పాత పాఠాన్ని బిల్బో మొదట చెప్పిన అబద్ధంగా కొత్త నవలలో సమన్వయించాడు. ఆ అబద్ధమే ఉంగరప్రభావానికి తొలి సూచన అయింది.

ఇటువంటి సవరణకు అవకాశం అందరికీ దొరకదు. అందుచేత నియమాన్ని నమోదు చేసేటప్పుడు మూడు విషయాలు రాసుకోవాలి: ఆ శక్తి ఏమి చేయగలదు, ప్రతిఫలంగా ఏమి తీసుకుంటుంది, ఏ సన్నివేశం ఆ నియమంపై ఆధారపడి ఉంది. మూడవ సంపుటపు ముగింపు ఏ నియమంపై నిలుస్తుందో దానిని మొదటి సంపుటం అచ్చుకు పోకముందే స్థిరపరచాలి.

3. కాలక్రమం

పాత్రలు విడిపోయినప్పుడు కాలక్రమదోషాలు ఎక్కువగా తలెత్తుతాయి. 1944లో కుమారుడు క్రిస్టఫర్‌కు రాసిన లేఖలో టోల్కీన్ ఇటువంటి చిక్కునే ప్రస్తావించాడు. తన కథలో చంద్రుడు ఒకచోట ఉదయిస్తూ అదే సమయంలో మరొకచోట అస్తమిస్తున్నట్లు ఆయన గుర్తించాడు.

ఆయన కల్పించిన షైర్ పంచాంగంలో ప్రతి మాసానికీ 30 రోజులు. మాసాలకు చేరని 5 రోజులు వేరుగా ఉంటాయి. సహచరబృందం ఫిబ్రవరి 26న విడిపోతుంది, ఉంగరం మార్చి 25న నశిస్తుంది. ఈ పంచాంగం ప్రకారం రెండు తేదీల మధ్య 29 రోజుల దూరం ఉంది. 28 రోజుల ఫిబ్రవరితో లెక్కిస్తే అది 27 రోజులే. రెండు రోజుల తేడా చిన్నదిగా తోచవచ్చు. కాని పౌర్ణమినాడు సూర్యాస్తమయవేళ ఉదయించే చంద్రుడు విదియనాటికి సుమారు గంటన్నర ఆలస్యంగా వస్తాడు. వెన్నెలలో సాగాల్సిన ప్రయాణం చీకట్లో సాగినట్లవుతుంది.

అందువల్ల కాలపట్టికలో ఒక్కొక్క తేదీకి ఒక్కొక్క వరుస, ఒక్కొక్క బృందానికి ఒక్కొక్క గడి ఉండాలి. చంద్రస్థితికి వేరే గడి కేటాయించాలి. మార్చి 10 వరుసను ఉదాహరణగా తీసుకుంటే, ఆనాడు సూర్యోదయకాంతి కనిపించదు. రోహన్ సేన యుద్ధానికి బయలుదేరుతుంది. ఫ్రోడో నాలుగు దారుల కూడలి దాటి, మినాస్ మోర్గుల్ నుంచి శత్రుసేన వెడలడం చూస్తాడు. దూరదూరంగా ఉన్న రెండు కథాశాఖలను ఆ చీకటి ఒకే రోజుకు కట్టివేస్తుంది. అందరికీ కనిపించే ఇటువంటి సంఘటనలను ముందుగా పట్టికలో నిలిపి, మిగిలిన ప్రయాణదినాలను వాటి నుంచి ముందుకూ వెనుకకూ లెక్కించడం మేలు.

4. పేర్లు

గొండొలిన్ గాథలో మరణించిన వీరుడి పేరు గ్లోర్‌ఫిండెల్. అదే పేరు రివెండెల్‌లోని పాత్రకూ వచ్చింది. ఇద్దరూ ఒకరేనని, మరణానంతరం అతడు తిరిగివచ్చాడని టోల్కీన్ జీవితం చివరి దశలో వివరణ రాయవలసి వచ్చింది. పేర్ల పట్టికలో జీవించి ఉన్న పాత్రలతోపాటు మృతులు, పూర్వగాథల వ్యక్తులు, స్థలాలు కూడా అకారాదిక్రమంలో ఉంటే ఇటువంటి పునరుక్తి పేరు పెట్టేటప్పుడే బయటపడుతుంది.

5. ముగింపు

కల్పితలోకంలోని ప్రతి వివరాన్నీ నమోదు చేయబూనితే పట్టిక నవలకన్నా పెద్దదవుతుంది. మరో అధ్యాయం ఆధారపడే వివరాలను మాత్రమే నమోదు చేస్తే చాలు. ప్రతి సంపుటమూ అచ్చుకు వెళ్ళేముందు ఒక్కొక్క బృందం కథను విడదీసి, పట్టికతో సరిపోల్చి చదవాలి. వరుసగా చదివినప్పుడు కథావేగంలో మరుగునపడే దోషాలు అప్పుడు స్పష్టమవుతాయి. అయితే పట్టిక దోషాన్ని చూపగలదే గాని దిద్దలేదు. బిల్బో అబద్ధం వంటి పరిష్కారాన్ని రచయితే కనుగొనాలి.