గ్లాసులోకి నీళ్లు ఎందుకెక్కాయి?

పళ్లెంలో నీళ్లు పోసి, మధ్యలో కొవ్వొత్తి నిలబెట్టి వెలిగించి, దానిమీద గాజు గ్లాసు బోర్లిస్తే కాసేపటికి మంట ఆరిపోతుంది. నీళ్లు గ్లాసులోకి ఎక్కుతాయి. పిల్లల సైన్సు వీడియోల్లో తరచూ కనిపించే ప్రయోగం ఇది. "మంట ఆక్సిజన్‌ను వాడేసుకుంది, గాలిలో అయిదో వంతు ఆక్సిజనే, అందుకే నీళ్లు అయిదో వంతు ఎక్కాయి" అని దాని కింద డిస్క్రిప్షన్‌లో రాస్తుంటారు. ఈ మాట తప్పు.

కొవ్వొత్తి మైనాన్ని C₂₅H₅₂ అనుకుంటే, అది పూర్తిగా మండడానికి 38 ఆక్సిజన్ అణువులు ఖర్చవుతాయి, 25 కార్బన్ డయాక్సైడ్ అణువులు పుడతాయి. నీటి ఆవిరి కూడా పుడుతుంది కానీ అది చల్లబడి మళ్లీ నీరైపోతుంది. పైగా గ్లాసులోని ఆక్సిజనంతా మంట వాడుకోలేదు. గాలిలో 21 శాతం ఉండే ఆక్సిజన్ 16 శాతం దగ్గరకు దిగేసరికే మంట ఆరిపోతుంది. అంటే 100 మిల్లీలీటర్ల గాలిలో ఖర్చయింది సుమారు 5, కొత్తగా చేరింది 3 పైచిలుకు. తగ్గింది 2 మిల్లీలీటర్లు కూడా లేదు. కార్బన్ డయాక్సైడ్ నీళ్లలో కరిగిపోతుంది కదా అంటారు కొందరు. కరుగుతుంది, కానీ నెమ్మదిగా. నీళ్లు చకచకా ఎక్కే ఆ కొద్ది క్షణాల్లో కరిగేది చాలా తక్కువ.

మరి నీళ్లనెక్కించింది వేడి. గ్లాసు బోర్లిస్తున్నప్పుడే మంట చుట్టూ ఉన్న గాలి వేడెక్కి వ్యాకోచిస్తుంది, కొంత బయటికి పోతుంది. అంచు దగ్గర బుడగలు కనిపిస్తే అవి ఆ గాలివే. మంట ఆరాక లోపల మిగిలింది చల్లబడి కుంచించుకుంటుంది, బయటి గాలి ఒత్తిడి నీళ్లను లోపలికి నెడుతుంది. లోపలి గాలి సగటున 87 డిగ్రీల సెల్సియస్‌కు, అంటే 360 కెల్విన్‌కు చేరిందనుకుందాం. అది 27 డిగ్రీలకు, అంటే 300 కెల్విన్‌కు చల్లబడితే ఆరో వంతు తగ్గుతుంది. 250 మిల్లీలీటర్ల గ్లాసులో అది 40 మిల్లీలీటర్లకు పైనే. అయిదో వంతుకు దగ్గరగా రావడం కాకతాళీయం. పాత వివరణ ఇన్నాళ్లు నిలబడడానికి ఆ కాకతాళీయమే ఒక కారణమని నా నమ్మకం.

దీన్ని పిల్లలే తేల్చుకోవచ్చు. ఒక కొవ్వొత్తి బదులు మూడు పెట్టి అదే గ్లాసు బోర్లిస్తే నీళ్లు ఇంకా పైకెక్కుతాయి. ఆక్సిజనే కారణమైతే కొవ్వొత్తులు పెరిగినంత మాత్రాన మట్టం మారకూడదు, గ్లాసులో ఉన్న ఆక్సిజన్ అంతే కదా. ఇంకోటి, నీళ్లు ఎప్పుడు ఎక్కాయో గమనించాలి. మంట మండుతున్నంతసేపూ పెద్దగా కదలని నీళ్లు, అది ఆరగానే ఒక్కసారి లేస్తాయి. వీడియోలో ఈ ఘట్టాన్ని కత్తిరించకుండా, గ్లాసు అంచుకు దగ్గరగా కెమెరా పెట్టి చూపాలి.

ఇక డిస్క్రిప్షన్. తరగతి రాసేటప్పుడు "6 నుంచి 10 వరకు" అని గంపగుత్తగా రాస్తే టీచరుకు ఉపయోగం లేదు. 6వ తరగతి వాళ్లు నీళ్లు మంట ఆరకముందు ఎక్కాయా, ఆరాక ఎక్కాయా అని రాసుకుంటే చాలు. కెల్విన్ లెక్క 9వ తరగతికి. వస్తువుల్లో "గ్లాసు" అని మాత్రమే రాస్తే ఇంట్లో పిల్లవాడు స్టీలు గ్లాసు తెస్తాడు, లోపల ఏం జరిగిందో కనిపించదు. ప్లాస్టిక్‌దైతే వేడికి మెత్తబడుతుంది. కాబట్టి 250 మిల్లీలీటర్ల గాజు గ్లాసు అనీ, కొవ్వొత్తి దాని ఎత్తులో సగానికి మించకూడదనీ రాయాలి. లోతైన స్టీలు పళ్లెం, సుమారు 150 మిల్లీలీటర్ల నీళ్లు, రంగుకు రెండు చుక్కల సిరా, గ్లాసు అంచు కింద పెట్టడానికి రెండు రూపాయి నాణేలు. నాణేలు లేకపోతే అంచు పళ్లేనికి అతుక్కుని నీళ్లు లోపలికి సరిగా పోవు.

జాగ్రత్తలు వస్తువుల జాబితాకు పైనే ఉండాలి, ఎందుకంటే ఫోనులో మొదటి రెండు మూడు పంక్తులే కనిపిస్తాయి. అగ్గిపుల్ల పెద్దవాళ్లే గీయాలి. జుట్టు ముడి వేసుకోవాలి, చున్నీ తీసి పక్కన పెట్టాలి. ఫ్యాను ఆపాలి. చేతులకు శానిటైజర్ రాసుకుని మంట దగ్గరికి రాకూడదు: అందులోని ఆల్కహాల్ అంటుకుంటే పగటి వెలుతురులో ఆ మంట సరిగా కనిపించదు కూడా. గ్లాసు అడుగు, బోర్లించాక అదే పైభాగం, మంట ఆరాక కూడా వేడిగా ఉంటుంది కాబట్టి పూర్తిగా చల్లారాకే ఎత్తాలి. చర్మం కాలితే కుళాయి కింద పారే చల్లని నీళ్లలో 20 నిమిషాలు ఉంచాలి. టూత్‌పేస్టు, ఐసు పెట్టకూడదు. బొబ్బలు లేస్తే చిదమకుండా డాక్టరుకు చూపించాలి.