కిలో టమాటాలకు ‘దయచేసి’ ఎందుకు?

మా మేనకోడలు స్పానిష్ నేర్చుకుంటోంది. మొన్న ఒక వర్క్‌షీట్ పట్టుకొచ్చి, “మామయ్యా, నువ్వు కొట్టతనివి, నేను కొనడానికి వచ్చాను” అంది. అందులో ఆమె మాటలన్నీ ఒకే అచ్చులో ఉన్నాయి. “యో కియెరో” (నాకు కావాలి) అని మొదలుపెట్టడం, సరుకు పేరు చెప్పడం, చివర “పోర్ ఫవోర్” (దయచేసి) తగిలించడం. ఐదు సరుకులకు ఐదు దయచేసిలు.

వ్యాకరణంలో తప్పేమీ లేదు. కానీ మన రైతుబజారులో “దయచేసి ఒక కిలో టమాటాలు ఇవ్వండి” అని ఎవరంటారు? “కిలో వెయ్యండి” అంటాం. ఆ ‘అండి’తోనే మర్యాద తీరిపోతుంది. స్పానిష్‌లోనూ అంతే, మర్యాద ఎక్కువగా క్రియలోనే ఉంటుంది. పోర్ ఫవోర్ అనకూడదని కాదు, ఒకసారి అంటే చాలు.

స్పెయిన్‌లో పండ్లు, కూరగాయలు అమ్మే కొట్టును ఫ్రుతెరీయా అంటారు. లోపలికి వెళ్లగానే “బ్వేనోస్ దీయాస్” అని అందరినీ పలకరించి, “కియెన్ ఎస్ ఎల్ ఉల్తిమో?” అని అడుగుతారు. ‘చివర ఉన్నది ఎవరు?’ అని. చాలాచోట్ల వరుసగా నిలబడరు. తమ ముందు ఎవరున్నారో గుర్తుపెట్టుకుని ఎక్కడో ఒక పక్కన ఉంటారు. ఈ ప్రశ్న అడగకుండా నేరుగా గల్లా దగ్గరికి వెళితే, ఆ తర్వాత ఎన్ని దయచేసిలు చెప్పినా లాభం లేదు. మా అమ్మాయి వర్క్‌షీట్‌లో ఈ ప్రశ్నే లేదు. పండ్లను మనమే ఏరుకోవడమూ చాలా కొట్లలో కుదరదు, కొట్టామెకు చెబితే ఆమే తీసి ఇస్తుంది.

మన వంతు రాగానే ఆమె “కే లే పోంగో?” అంటుంది. పోనెర్ అంటే పెట్టడం, వేయడం. అంటే అచ్చంగా మన “ఏం వెయ్యమంటారు?” అన్నమాట. ఇంగ్లిష్ మీదుగా నేర్చుకునేవారికి ఈ క్రియ వింతగా తోస్తుంది. మనకు ఆ ఇబ్బంది లేదు. జవాబు కూడా అదే క్రియతో: “పోంగమే ఉన్ కిలో దే తొమాతెస్”, కిలో టమాటాలు వెయ్యండి. అదే “పోన్మే” అంటే ‘వెయ్యి’. మొదటిది ఉస్తెద్ రూపం, రెండోది తూ రూపం. మన మీరు, నువ్వు లాంటివే. ఉస్తెద్ పుట్టింది ‘తమరి దయ’ అనే అర్థమున్న వ్వేస్త్రా మెర్సెద్ నుంచి. స్పెయిన్‌లో కుర్రకారు తూ ధారాళంగా వాడేస్తారు. పెద్దావిడతో మాట్లాడేటప్పుడు మాత్రం ఉస్తెద్‌కు తిరుగులేదు.

ఇంకొంచెం మెత్తగా అడగాలంటే కియెరో బదులు “కేరీయా” అంటారు. అది భూతకాలం, ‘కావాలనుకున్నాను’ అని. కోరికను ఒక అడుగు వెనక్కి జరిపితే ఎదుటివారికి కాదనే వీలు దొరుకుతుంది. వాక్యం ముందు “యో” కూడా అక్కర్లేదు. మనం “కిలో కావాలి” అంటూ ‘నాకు’ వదిలేస్తాం కదా.

ధర అడగడంలో ఒక మెలిక ఉంది. టమాటాలు ఎలా ఇస్తున్నారని అడగాలంటే “ఆ కోమో ఎస్తాన్ లోస్ తొమాతెస్?” అంటారు. రోజురోజుకూ మారే ధర కాబట్టి మారే స్థితిని చెప్పే ఎస్తార్ క్రియ వస్తుంది. చివర మొత్తం ఎంతయిందో అడిగేటప్పుడు మాత్రం “క్వాంతో ఎస్?” అని సెర్ క్రియ.

మేమిద్దరం ఆ కాగితం పక్కన పడేసి కొత్తగా రెండు చీటీలు రాసుకున్నాం. ఆమె చీటీలో కొనాల్సినవి: కిలో టమాటాలు, అరకిలో పీచ్ పండ్లు, ఒక పుచ్చకాయ. నా చీటీలో ధరలు: టమాటాలు కిలో 2.40 యూరోలు, పీచ్ పండ్లు కిలో 3 యూరోలు, పుచ్చకాయలు అయిపోయాయి. ఒకరి చీటీ ఒకరు చూడకూడదు. అసలు కిటుకు అక్కడే ఉంది. ఇద్దరి చేతిలోనూ ఒకే సంభాషణ ఉంటే చదవడమే తప్ప వినడం ఉండదు. నేను “నో మే కేదాన్” (నా దగ్గర మిగల్లేదు) అనగానే ఆమె తడబడింది, ఆలోచించింది, “ఎంతోన్సెస్, నాదా మాస్” అంది. అయితే ఇంకేమీ వద్దు అని. మొత్తం 3.90. ఐదు యూరోల నోటు ఇచ్చింది, 1.10 చిల్లర ఇచ్చాను.

ఇదే వర్క్‌షీట్ కొలంబియాకు రాస్తే మాటలు మారతాయి. అక్కడ “మే రెగాలా...?” అంటారు. మాటకు మాటగా చూస్తే ‘నాకు బహుమతిగా ఇస్తారా?’ అని. డబ్బు మాత్రం ఇవ్వాల్సిందే. పెరూ, బొలీవియా సంతల్లో అడిగే యాపా అయితే నిజంగానే ఊరికే వస్తుంది. కెచువా భాష నుంచి వచ్చిన ఆ మాటకు మన ‘కొసరు’ సరిగ్గా సరిపోతుంది.

స్పెయిన్ కొట్లలో ఆ పేరుతో కొసరు లేదు కానీ, కూరగాయలు కొన్నవాళ్లకు పెరెహీల్, అంటే పార్స్లీ ఆకు, ఒక గుప్పెడు ఊరికే ఇచ్చే అలవాటు చాలాచోట్ల ఉంది. ఇది చెప్పగానే మా అమ్మాయి నా చీటీ లాక్కుని, కింద ‘కరివేపాకు’ అని రాసింది.